చిన్న బ్లాగులో పోస్టుల మధ్య లింకులు: నాలుగు పద్ధతుల్లో ఏది ఎప్పుడు

ముప్ఫై నలభై పోస్టులు రాసేసరికి ప్రతి చిన్న బ్లాగుకూ ఒకే ఇబ్బంది ఎదురవుతుంది. గూగుల్‌లో వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఒక్క పోస్టు చదివి అటునుంచి అటే వెళ్ళిపోతారు. వాళ్ళకు తర్వాత కావలసిన సంగతి అదే బ్లాగులో ఇంకో పోస్టులో ఉంటుంది, కానీ ఉందని వాళ్ళకు తెలియదు. చాలాసార్లు గూగుల్‌కు కూడా సరిగ్గా తెలియదు.

దీనికి సాధారణంగా నాలుగు దారులు చెబుతారు. పోస్టు కింద "ఇవి కూడా చదవండి" అని తనంతట తానే చూపించే విడ్జెట్ లేదా ప్లగిన్ పెట్టడం ఒకటి. ముందు భాగం, తర్వాతి భాగం అంటూ పోస్టుల్ని వరుసగా కట్టడం రెండోది. ఒక విషయానికి ఒక పిల్లర్ పేజీ రాసి, దాన్నుంచి అన్ని పోస్టులకూ, అన్ని పోస్టుల నుంచి దానికీ లింకులివ్వడం మూడోది. రాస్తున్న వాక్యంలోనే, అవసరం పడిన చోట, చేత్తో లింకు పెట్టడం నాలుగోది.

వంద పోస్టుల లోపు ఉన్న బ్లాగుకు నా సలహా ఇది: నాలుగోదానితో మొదలుపెట్టండి, దానిమీద మూడోది కట్టండి, రెండోది నిజంగా వరుస అవసరమైన చోట మాత్రమే వాడండి, మొదటిదాన్ని చివరికి వదిలెయ్యండి. చాలామంది సరిగ్గా దీనికి ఎదురుగా చేస్తారు, ఎందుకంటే విడ్జెట్ పెట్టడం పది నిమిషాల పని. ఎందుకు వద్దంటున్నానో ఒక బ్లాగు తీసుకుని చెబుతాను.

మారతహళ్ళిలో మా అపార్టుమెంట్లోనే ఉండే ఒక అనంతపురం అమ్మాయి, బెంగళూరుకు కొత్తగా వచ్చే తెలుగువాళ్ళ కోసం బ్లాగర్‌లో బ్లాగు రాస్తుంది. బస్సు పాసులు, బడి అడ్మిషన్లు, ఆంధ్రా నంబరు బండిని కర్ణాటకకు మార్పించడం, అద్దె ఇళ్ళు, అన్నీ కలిపి నలభై పోస్టుల దాకా ఉన్నాయి. "ఇన్ని రాసినా అందరూ ఒక్కటే చదివి పోతారేందన్నా" అని అడిగింది. ఇద్దరం కూర్చుని అద్దె ఇళ్ళ గురించిన ఎనిమిది పోస్టుల్ని ముందు పట్టుకున్నాం. అవి: ఏ ఏరియాలో వెతకాలి, పీజీ నుంచి ఇంటికి మారడం, అడ్వాన్సు ఎంత అడుగుతారు, అద్దె ఒప్పందం, నీళ్ళ గురించి ఓనరును అడగాల్సిన ప్రశ్నలు, బెస్కాం కరెంటు బిల్లు, గ్యాస్ కనెక్షన్ మార్పు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద కోత.

వీటిలో జనం ఎక్కువగా వచ్చేది చివరిదానికి. బెంగళూరులో ఖాళీ చేసేవాళ్ళ అడ్వాన్సులోంచి పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం మామూలు, దాని గురించి వెతికేవాళ్ళూ ఎక్కువే. ఆ పోస్టులోంచి మిగతా ఏడింట్లో ఒక్కదానికీ లింకు లేదు. ఒప్పందం గురించిన పోస్టు చాలా బాగా రాసింది, కానీ దానికి బ్లాగులో ఎక్కణ్ణుంచీ దారి లేదు.

లేబుళ్ళు ఉన్నాయి కదా అనుకునేవాళ్ళకు

నాలుగు పద్ధతులకూ ముందు బ్లాగర్ వాడేవాళ్ళకు ఒక మాట. "అన్ని పోస్టులకూ అద్దె అని లేబుల్ పెట్టాను, లేబుల్ నొక్కితే అన్నీ వస్తాయి, ఇంకా లింకులెందుకు" అని చాలామంది అనుకుంటారు. చదివేవాళ్ళ విషయంలో అది కొంతవరకు నిజం. గూగుల్ విషయంలో కాదు. మీ బ్లాగు అడ్రసు చివర `/robots.txt` అని కొట్టి చూడండి. మీరు ఏమీ మార్చకపోతే అందులో ఈ వరుసలు కనిపిస్తాయి:

```
User-agent: *
Disallow: /search
Allow: /
```

బ్లాగర్‌లో లేబుల్ పేజీల అడ్రసులన్నీ `/search/label/` తోనే మొదలవుతాయి. అంటే ఆ పేజీల్లోకి రావద్దని గూగుల్‌కు మీ బ్లాగే చెబుతోంది. హోమ్ పేజీ అడుగున ఉండే పాత పోస్టుల లింకు కూడా `/search?updated-max=` అనే అడ్రసుకే పోతుంది కాబట్టి ఆ దారీ మూసుకున్నట్టే. హోమ్ పేజీ నుంచి జారిపోయిన పోస్టుకు ఇక ముఖ్యంగా మిగిలేవి పోస్టుల అడ్రసుల జాబితా అయిన సైట్‌మ్యాప్, నెలవారీ ఆర్కైవ్ పేజీలు. సైట్‌మ్యాప్ వల్ల పోస్టు ఉందని గూగుల్‌కు తెలుస్తుంది. అది దేని గురించిందో, మీ బ్లాగులో దానికి ఎంత విలువుందో సైట్‌మ్యాప్ చెప్పదు. ఆ రెండూ చెప్పేది ఇంకో పోస్టులోంచి వచ్చే లింకు, ఆ లింకు మీదున్న మాటలు. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పేజ్‌ర్యాంక్ గురించి రాసిన నాటి నుంచీ గూగుల్ పునాది ఇదే: ఒక పేజీకి ఎవరెవరు లింకిచ్చారు, వాళ్ళకెంత విలువుంది అన్నదాన్నిబట్టి ఆ పేజీ విలువ కట్టడం.

ఈ అడ్డు తీసేద్దామని robots.txt మార్చడానికి తొందరపడకండి. లేబుల్ పేజీలన్నీ గూగుల్‌లోకి వస్తే ఒకే పోస్టు ముక్కలు పది చోట్ల కనబడి గందరగోళం పెరుగుతుంది. దాన్ని అలాగే ఉంచి లింకులు పెట్టుకోవడమే మేలు. వర్డ్‌ప్రెస్‌లో ఈ ఇబ్బంది లేదు, అక్కడ కేటగిరీ పేజీలు మామూలుగా తెరిచే ఉంటాయి. అయినా కేటగిరీ పేజీ అంటే తేదీల వారీగా పేర్చిన జాబితానే. ఏది ముందు చదవాలో, ఎందుకు చదవాలో అది చెప్పదు.

విడ్జెట్: పని తక్కువ, ఫలితమూ తక్కువే

సంబంధమున్న పోస్టుల్ని వెతికిపెట్టే విడ్జెట్లు, ప్లగిన్లు రెండు రకాలుగా పనిచేస్తాయి. కొన్ని ఒకే లేబుల్ ఉన్న పోస్టుల్లోంచి కొన్నింటిని తీసి చూపిస్తాయి. కొన్ని పోస్టుల్లోని మాటల్ని పోల్చి చూస్తాయి.

మాటల్ని పోల్చే రకం తెలుగులో తడబడుతుంది. మనం "అద్దె" అని ఒకసారి, "అద్దెకు" అని ఒకసారి, "అద్దెల్లో", "అద్దింట్లో" అని ఇంకోసారి రాస్తాం. విభక్తి మాటకే అతుక్కుని ఉంటుంది. మాటను మాటగా పోల్చే ప్రోగ్రాముకు ఇవన్నీ వేరువేరు మాటలు. అందుకని అసలు సంబంధమున్న పోస్టును వదిలేసి, "బెంగళూరు" అనే మాట ఎక్కువసార్లు వచ్చిందన్న కారణంతో బస్సు పాసు పోస్టును తెచ్చి చూపిస్తుంది.

లేబుళ్ళ రకం ఇంకొంచెం నయం. కానీ దానికీ చదివే మనిషి ఎక్కడున్నాడో తెలియదు. పెయింటింగ్ కోత పోస్టు కింద పీజీ నుంచి ఇంటికి మారే పోస్టు చూపిస్తే ఏం లాభం? ఇల్లు ఖాళీ చేస్తున్న మనిషి పీజీ దశ దాటి ఎన్నేళ్ళయిందో. రెండు పోస్టులకూ లేబుల్ ఒకటే, అవసరం వేరు.

ఇంకో సంగతి, బ్లాగర్‌కు దొరికే చాలా విడ్జెట్లు పేజీ తెరిచాక జావాస్క్రిప్టుతో లింకుల్ని తెచ్చి అతికిస్తాయి. గూగుల్ జావాస్క్రిప్టును నడిపి చూస్తుంది కాబట్టి అదొక్కటే తప్పు కాదు. కానీ తీరా అది అతికించేది `<a href="...">` రూపంలో ఉన్న నిజమైన లింకై ఉండాలి. నొక్కితే పేజీ మారేలా బొమ్మకు ఆన్‌క్లిక్ తగిలించి వదిలేసిన విడ్జెట్లు ఉన్నాయి. మనిషికి అవి లింకులే, గూగుల్‌కు కావు.

"ఎక్కువమంది చదివినవి" అని పక్కన పెట్టే జాబితాతో ఇంకో చిక్కు. అది ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది కాబట్టి అందులో ఉన్న ఐదు పోస్టులకూ బ్లాగంతటి నుంచీ లింకులు పోతాయి. ఇప్పటికే జనం చదువుతున్నవాటికే ఇంకా బలం చేరుతుంది, ఒప్పందం పోస్టు లాంటివి ఎక్కడివక్కడే ఉంటాయి.

అయితే రెండు మూడు వందల పోస్టులున్న బ్లాగులో, పాతవాటినన్నిటినీ చేత్తో సరిచేసే ఓపిక లేనప్పుడు, విడ్జెట్ ఉండటం లేకపోవడం కంటే మేలే. నలభై పోస్టుల బ్లాగుకు ఆ అవసరం లేదు.

వరుస కట్టడం: అరుదుగా మాత్రమే

ఒకటో భాగం చదవకపోతే రెండోది అర్థం కాని చోట వరుస బాగుంటుంది. ఈ అమ్మాయి బ్లాగులో అలాంటిది ఒకటే ఉంది: వేరే రాష్ట్రం బండిని కర్ణాటకలో మళ్ళీ రిజిస్టర్ చేయించడం. ముందు సొంత ఊరి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, తర్వాత ఇక్కడ రోడ్ ట్యాక్స్ కట్టాలి, తర్వాత పాతచోట కట్టిన ట్యాక్స్ వెనక్కి అడగాలి. ఒకదాని తర్వాతే ఇంకొకటి. అక్కడ "తర్వాత ఏం చెయ్యాలి" అనే లింకు పోస్టు చివర ఉండటం సహజం.

అద్దె పోస్టుల్ని కూడా ఇలాగే కడదామని తను అంది. వద్దన్నాను. గూగుల్ నుంచి వచ్చేవాళ్ళు వరుస మధ్యలో ఎక్కడో దిగుతారు. ఎనిమిది పోస్టుల వరుసలో ఎనిమిదోదానికి దిగినవాళ్ళకు ఒప్పందం కావాలంటే నాలుగు సార్లు వెనక్కి నొక్కాలి. అంత ఓపిక ఎవరికీ ఉండదు. పైగా మధ్యలో ఒక పోస్టు తీసేస్తే వరుస రెండుగా తెగిపోతుంది.

పిల్లర్ పేజీ: ఎప్పుడు, ఎలా

ఒకే విషయం మీద ఐదారు పోస్టులు దాటితే పిల్లర్ పేజీ రాయడం దండగ కాదు. అంతకంటే తక్కువుంటే వాక్యాల్లో లింకులు చాలు. మూడు పోస్టుల కోసం నాలుగో పేజీ రాస్తే అది వట్టి మజిలీ అవుతుంది తప్ప చదవడానికి అందులో ఏమీ ఉండదు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పని, ఎనిమిది శీర్షికల్ని ఒకదాని కింద ఒకటి పేర్చి "బెంగళూరులో అద్దె ఇల్లు: పూర్తి సమాచారం" అని పేరు పెట్టడం. అది పిల్లర్ పేజీ కాదు, ఇంకో లేబుల్ పేజీ. పిల్లర్ పేజీ తనంతట తాను చదివించాలి. మేం రాసింది ఇలా ఉంది: కొత్తగా వచ్చినవాళ్ళు ఏరియా చూసుకోవడం దగ్గర మొదలై, అడ్వాన్సు, ఒప్పందం, ఇంట్లో దిగాక కరెంటు, గ్యాస్, చివరికి ఖాళీ చెయ్యడం దాకా, ఒక్కో దశకు ఒక పేరా. ప్రతి పేరాలో ఆ దశలో తప్పక తెలియాల్సిన ఒకటి రెండు సంగతులు ఉంటాయి. అంతకుమించి కావాలంటే లింకు.

ఉదాహరణకు అడ్వాన్సు పేరాలో, ఈ ఊళ్ళో పాతకాలం నుంచీ పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడిగే అలవాటుందనీ, ఇప్పుడు చాలాచోట్ల అంతకంటే తక్కువకు ఒప్పుకుంటున్నారనీ రాశాం. నెలకు పాతిక వేల అద్దె ఇంటికి పది నెలలంటే రెండున్నర లక్షలు. ఆ డబ్బు తిరిగి రావాలంటే రసీదులో ఏముండాలి, బేరం ఎలా ఆడాలి అన్నది అడ్వాన్సు పోస్టులో ఉంది, లింకు అక్కడికి. ఒప్పందం పేరాలో, ఇవి ఎక్కువగా పదకొండు నెలలకే ఎందుకుంటాయో ఒక్క వాక్యంలో చెప్పాం: ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కాబట్టి. షరతుల వివరమంతా పోస్టుకే వదిలేశాం.

ఈ హద్దు ముఖ్యం. పిల్లర్ పేజీలోనే అన్నీ వివరంగా రాసేస్తే, ఒకే ప్రశ్నకు మీ బ్లాగులోనే రెండు పేజీలు పోటీ పడతాయి, గూగుల్ దేన్ని చూపిస్తుందో మీ చేతిలో ఉండదు. అలా పోటీ పడుతున్నాయని తెలుసుకోవడం తేలిక. గూగుల్‌లో మీ బ్లాగు ఎలా కనబడుతోందో చూపించే గూగుల్ సాధనం సెర్చ్ కన్సోల్‌లో `Performance` లోకి వెళ్ళి, ఒక వెతుకుడు మాటను ఎంచుకుని, కింద `Pages` చూడండి. అదే మాటకు రెండు మూడు పేజీలు దగ్గరదగ్గర సంఖ్యలతో కనిపిస్తే, వాటిలో ఒకటి తగ్గాలి లేదా రెండూ కలవాలి. తను అడ్వాన్సు మీద వేర్వేరు సంవత్సరాల్లో రెండు పోస్టులు రాసింది. వాటి మధ్య లింకు పెట్టడం కంటే పాతదాంట్లోని మంచి ముక్కల్ని కొత్తదాంట్లో కలిపి, పాతదాన్ని తీసేసి, బ్లాగర్ సెట్టింగుల్లోని `Custom redirects` లో పాత అడ్రసును కొత్తదానికి మళ్ళించాం. అందుకే ఎనిమిది అన్నాను, అంతకుముందు తొమ్మిది ఉండేవి.

పిల్లర్‌ను పోస్టుగా రాయాలా, బ్లాగర్‌లోని పేజీగా రాయాలా? పేజీగానే రాయమంటాను. దానికి తేదీ అడ్డురాదు, కొత్త పోస్టులు వచ్చేకొద్దీ కిందికి పోదు, పైన మెనూలో పెట్టుకోవచ్చు.

వాక్యంలో లింకు: అసలు పని ఇక్కడే

పిల్లర్ ఉంది కదా అని ప్రతి పోస్టులో దానికొక్క లింకు పెట్టి ఊరుకుంటే సగం పనే అవుతుంది. పోస్టుల మధ్య అడ్డంగా పోయే లింకులు కావాలి. ఏ పోస్టు నుంచి దేనికి అన్నది తేల్చుకోవడానికి నేను ఒకే ప్రశ్న వేస్తాను: ఇది చదివిన మనిషి రేపు ఏం చెయ్యబోతున్నాడు?

పెయింటింగ్ కోత పోస్టు చదివే మనిషి ఖాళీ చెయ్యబోతున్నాడు. రేపు అతను చేసే పనులు రెండు. బీరువాలోంచి ఒప్పందం తీసి ఆ షరతు ఉందో లేదో చూస్తాడు, మిగిలిన అడ్వాన్సు ఎప్పుడిస్తారని ఓనరును అడుగుతాడు. కాబట్టి ఆ పోస్టు నుంచి ఒప్పందానికీ, అడ్వాన్సుకూ లింకులుండాలి. గ్యాస్ కనెక్షన్ మార్పుకు కూడా ఉండొచ్చు, ఎందుకంటే ఇల్లు మారితే అదీ మార్చుకోవాలి. పీజీ పోస్టుకు అక్కర్లేదు.

తిరుగు దారి కూడా ఇలాగే చూడాలి, కానీ అన్ని లింకులూ రెండువైపులా ఉండాల్సిన పని లేదు. ఒప్పందం పోస్టు చదివేవాడు ఇంకా సంతకం పెట్టలేదు. అతనికి పెయింటింగ్ కోత గురించి ఇప్పుడే తెలిస్తే ఆ షరతును మార్పించుకోగలడు, కాబట్టి ఆ లింకు ఉండాలి. గ్యాస్ పోస్టు నుంచి మాత్రం పెయింటింగ్‌కు లింకు ఎందుకు? అక్కర్లేదు.

ఇలా ఒక్కో పోస్టు నుంచి పక్క పోస్టులకు సగటున రెండు లింకులు తేలాయి. పిల్లర్ నుంచి ఎనిమిది, పిల్లర్‌కు ఎనిమిది, అడ్డంగా పదహారు, మొత్తం ముప్ఫై రెండు. ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో అయిపోయే పని. అన్నిటి నుంచి అన్నిటికీ పెడితే అడ్డంగా పోయేవే యాభై ఆరు అయ్యేవి, వాటిలో సగానికి పైగా ఎవరికీ పనికిరానివి. ఒక పోస్టులో ఇన్నే లింకులుండాలని గూగుల్ లెక్కేమీ పెట్టలేదు. ఎనిమిది వందల మాటల పోస్టులో మూడు నుంచి ఐదు దాకా అయితే చదవడానికి అడ్డు రావన్నది నా అనుభవం.

లింకు ఎక్కడ పడాలి అన్నది ఇంకా ముఖ్యం. తన పోస్టులో మొదట ఇలా ఉంది: "పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటారు. ఇది ఒప్పందంలో రాసి ఉంటుంది. మరిన్ని వివరాలకు ఇక్కడ నొక్కండి." దాన్ని ఇలా మార్చాం: "పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకోవాలంటే ఆ సంగతి ఒప్పందంలో ఉండాలి. సంతకం పెట్టేముందు అద్దె ఒప్పందంలో చూసుకోవాల్సిన షరతులు ఏవో తెలిస్తే ఈ గొడవే రాదు." లింకు "అద్దె ఒప్పందంలో చూసుకోవాల్సిన షరతులు" అనే మాటల మీద ఉంది:

```html
<a href="https://example.blogspot.com/2023/06/rent-agreement.html">అద్దె ఒప్పందంలో చూసుకోవాల్సిన షరతులు</a>
```

"ఇక్కడ నొక్కండి" అనే మాటలు అవతలి పేజీ గురించి మనిషికీ ఏమీ చెప్పవు, గూగుల్‌కూ ఏమీ చెప్పవు. అలాగని ప్రతిసారీ అవే నాలుగు మాటలు అతికించనక్కర్లేదు. ఒకచోట "పదకొండు నెలల ఒప్పందం", ఇంకోచోట "ఓనరుతో రాసుకునే ఒప్పందపత్రం" అని వాక్యానికి తగ్గట్టు మారితే అదే సహజం. జాగ్రత్త పడాల్సింది ఎదురు సందర్భంలో: ఒకే మాటల మీద రెండు వేరే పోస్టులకు లింకులివ్వకండి. "అడ్వాన్సు" అన్న మాట ఒకచోట అడ్వాన్సు పోస్టుకూ, ఇంకోచోట పెయింటింగ్ పోస్టుకూ పోతుంటే ఏది దేని గురించో తేలదు.

తెలుగులో ఇంకో చిన్న విషయం. లింకు పెట్టేటప్పుడు మాటను విభక్తితో సహా పూర్తిగా ఎంచుకోండి. "ఒప్పందం" వరకు ఎంచుకుని "లో" ని బయట వదిలేస్తే ఒక్క మాటే రెండు రంగుల్లో కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో ఒత్తు, గుణింతం మధ్యలో తెగితే అక్షరమే విడిపోతుంది. మాట మీద రెండుసార్లు నొక్కి ఎంచుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

అడ్రసుల దగ్గర చెడిపోయేవి

లింకులు పెట్టాక పనిచెయ్యకపోవడానికి బ్లాగర్‌లో నేను చూసిన కారణాలు ముఖ్యంగా రెండు.

మొదటిది ఫోన్. ఫోన్లో మీ బ్లాగు తెరిస్తే అడ్రసు చివర `?m=1` వస్తుంది. అక్కణ్ణుంచి కాపీ చేసి లింకు పెడితే ఆ తోక కూడా వస్తుంది. లింకు తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ కంప్యూటర్లో చదివేవాళ్ళు కూడా ఫోన్ రూపంలోకి వెళ్ళిపోతారు, గూగుల్‌కు ఒకే పోస్టుకు రెండు అడ్రసులు కనిపిస్తాయి. అతికించేముందు ఆ తోక తీసెయ్యండి.

రెండోది పాత బ్లాగులకు. ఒకప్పుడు మన దేశంలో బ్లాగర్ తెరిస్తే అడ్రసు `blogspot.in` అని మారిపోయేది. ఆ రోజుల్లో కాపీ చేసి పెట్టుకున్న లింకులు పాత పోస్టుల్లో అలాగే ఉండిపోయాయి. 2020లో ఆ డొమైన్ గూగుల్ చేతిలోంచి పోయింది. ఆ లింకులు ఇప్పుడు మీ బ్లాగుకు రావు. సెట్టింగుల్లో `Back up content` ద్వారా బ్లాగు మొత్తాన్ని ఫైలుగా దించుకోవచ్చు. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి `blogspot.in` అని వెతికితే ఎక్కడెక్కడ ఉన్నాయో దొరుకుతాయి. అదే ఫైల్లో `m=1` కూడా వెతకండి.

వీటికి తోడు ఒక అసౌకర్యం ఉంది. శీర్షిక తెలుగులో ఉంటే బ్లాగర్ ఇచ్చే అడ్రసు `blog-post.html`, `blog-post_12.html` ఇలా ఉంటుంది. నలభై పోస్టుల్లో ఏది ఏదో అడ్రసు చూసి చెప్పలేం, తప్పు పోస్టుకు లింకు పోవడం మామూలైపోతుంది. కొత్తవాటికి పబ్లిష్ చేసేముందే `Permalink` లో `rent-agreement` లాంటి పేరు మీరే ఇవ్వండి. పాతవాటి అడ్రసులు మార్చకండి. బదులుగా ఒక షీటులో శీర్షిక, అడ్రసు, ఏ గుంపు, దేన్నుంచి లింకు వచ్చింది అని నాలుగు నిలువు వరుసలు రాసుకుంటే చాలు. వర్డ్‌ప్రెస్‌లో శీర్షిక తెలుగులోనే అడ్రసుగా మారుతుంది, కానీ ఒక్కో తెలుగు అక్షరరూపం లోపల `%E0%B0%85` లాగా తొమ్మిది గుర్తులు తీసుకుంటుంది. అడ్రసుకు హద్దు రెండు వందల గుర్తులు కాబట్టి పొడుగు శీర్షిక మధ్యలో తెగిపోతుంది. అక్కడ కూడా చిన్న పేరు మీరే ఇవ్వడం మంచిది.

పనిచేస్తోందో లేదో చూడటం

సెర్చ్ కన్సోల్‌లో `Links` లో `Internal links` అనే జాబితా ఉంటుంది. ఏ పేజీకి మీ బ్లాగులోంచే ఎన్ని లింకులు వస్తున్నాయో అందులో చూడొచ్చు. సంఖ్యల్ని నమ్మేముందు ఒకటి గుర్తుంచుకోండి: మెనూలోనో పక్క జాబితాలోనో ఉన్న లింకు ప్రతి పేజీకీ ఒకటిగా లెక్కకొస్తుంది. నలభై పేజీల బ్లాగులో ఒక పోస్టుకు నలభై చూపిస్తే అది విడ్జెట్ పుణ్యం. మనం చూడాల్సింది అడుగున ఉన్నవాటిని. మంచి పోస్టు ఒకటి, సున్నా దగ్గర ఉంటే అదే మొదటి పని.

ఏదైనా ఒక్క పోస్టు సంగతి తెలియాలంటే దాని అడ్రసును పైనున్న `URL inspection` పెట్టెలో వెయ్యండి. `Referring page` దగ్గర మీ ఇంకో పోస్టు అడ్రసు కనిపిస్తే గూగుల్ ఆ లింకు పట్టుకుని వచ్చినట్టే. ఒప్పందం పోస్టు చాలాకాలం `Discovered - currently not indexed` అని ఉండిపోయింది, అంటే ఉందని తెలిసినా గూగుల్ ఇంకా వచ్చి చదవలేదు. లింకులు పెట్టాక కొన్ని వారాలకు అది గూగుల్‌లోకి వచ్చింది. గ్యాస్ పోస్టు మాత్రం `Crawled - currently not indexed` దగ్గరే ఆగింది. అంటే వచ్చి చదివింది, పెట్టుకోలేదు. దానికి కారణం లింకులు కావు. ఆ పోస్టులో నాలుగు వాక్యాలే ఉన్నాయి, అవీ అన్నిచోట్లా దొరికేవే. లింకుల వల్ల దారి పడుతుంది, లేని సరుకు రాదు. అలాంటిదాన్ని పెంచి రాయాలి, లేదా కరెంటు బిల్లు పోస్టులో కలిపెయ్యాలి.

ఇక కొత్త పోస్టు రాసినప్పుడల్లా. కొత్తదాంట్లోంచి పాతవాటికి లింకులు అందరూ పెడతారు. పాతవాటిలోంచి కొత్తదానికి పెట్టడం మర్చిపోతారు, కొత్త పోస్టుకు బలం వచ్చేది అక్కణ్ణుంచే. పబ్లిష్ చేసిన రోజే గూగుల్‌లో ఇలా వెతకండి:

```
site:example.blogspot.com "అడ్వాన్సు"
```

మీ బ్లాగులో ఆ మాట వచ్చే పోస్టులు కనిపిస్తాయి. గూగుల్‌లో ఇంకా చేరనివి ఇందులో రావు కాబట్టి బ్లాగర్‌లో పోస్టుల జాబితా పైనుండే వెతుకుడు పెట్టెలో కూడా అదే మాట కొట్టి చూడండి. వాటిలో రెండు మూడింటిని తెరిచి, కొత్త పోస్టు అవసరం పడే వాక్యం ఎక్కడుందో చూసి లింకు కట్టండి. అలాంటి వాక్యం లేకపోతే ఒకటి రాయండి. పిల్లర్ పేజీలో ఆ దశ పేరాలో ఒక మాట చేర్చండి. ఒక గుంపులో పోస్టులు పదిహేను దాటి, పిల్లర్ పేజీ చదువుతుంటే ఊపిరాడనట్టు అనిపిస్తే, ఇల్లు వెతకడం ఒకటి, ఇంట్లో ఉండి ఖాళీ చెయ్యడం ఒకటి అని రెండుగా చీల్చండి. అప్పుడు పాత పిల్లర్ అడ్రసును మొదటిదానికే ఉంచండి, ఇన్నాళ్ళూ వచ్చిన లింకులన్నీ ఆ అడ్రసుకే ఉన్నాయి.